కాలు జారుతోందా? బొమ్మ కాదు, లెక్క చూడండి

పోయిన నెల ఇంటర్ చదివే ఓ తమ్ముడు నాకు ఏడు సెకన్ల క్లిప్ పంపాడు. తను చేస్తున్న గేమ్‌లో తలపాగా కట్టుకున్న ఓ రైతు పొలం గట్టు మీద నడుస్తున్నాడు. పిక్సెల్ బొమ్మ ముచ్చటగా ఉంది. నడక మాత్రం నూనె పోసిన నేల మీద జారుతున్నట్టుంది. పైగా మనిషి మొత్తం సన్నగా వణుకుతున్నాడు. ‘అన్నా, ఎనిమిది ఫ్రేములూ మళ్లీ గీసేస్తా. ఇప్పటికి రెండుసార్లు గీశా’ అన్నాడు. వద్దన్నాను. మూడోసారి గీసినా అదే జారుడు, అదే వణుకు. ఎందుకంటే అక్కడ లోపం గీతలో లేదు. గీయడానికి ముందు వేసుకోవాల్సిన లెక్కలో ఉంది.

ఆ లెక్క పెద్దదేమీ కాదు, నోట్‌బుక్‌లో అర పేజీ. అదే రైతు బొమ్మతో చేసి చూద్దాం.

ముందు గడి సంగతి. స్ప్రైట్ షీట్ అంటే ఒకే సైజు గడుల వరస, ఒక్కో గడిలో ఒక్కో ఫ్రేమ్. మన గడి 32 పిక్సెల్స్ వెడల్పు, 32 ఎత్తు అనుకుందాం. ఎనిమిది ఫ్రేములు పక్కపక్కన పెడితే షీట్ 256 వెడల్పు, 32 ఎత్తు అవుతుంది. గడిలో ఎడమ నుంచి నిలువు వరసలకు, పై నుంచి అడ్డ వరసలకు 0 నుంచి 31 దాకా నంబర్లు ఇవ్వండి. ఇప్పుడు రెండు గీతలు ఖాయం చేసుకోవాలి. నడుము ఎప్పుడూ 16వ నిలువు వరస మీదే ఉంటుంది. నేల ఎప్పుడూ 30వ అడ్డ వరసే. ఎనిమిది ఫ్రేముల్లోనూ ఈ రెండూ కదలకూడదు. చేతులు, కాళ్లు, తలపాగా కొంగు ఎటు ఊగినా ఫర్వాలేదు.

ఇక కాళ్ల దగ్గరికొద్దాం. షీట్‌లో మనిషి ముందుకు పోడు, ఉన్నచోటే నడుస్తాడు. ట్రెడ్‌మిల్ మీద నడిచేవాళ్లను పక్క నుంచి చూడండి. నేల మీద మోపిన పాదం వెనక్కి వెళ్తూ ఉంటుంది, అదీ ఒకే వేగంతో. బెల్టు వేగం ఎంతో పాదం వేగం అంతే. మన షీట్‌లో కూడా మోపిన పాదం ఫ్రేముకు సరిగ్గా ఒకే దూరం వెనక్కి రావాలి. జారుడు పుట్టేది ఇక్కడే. ఒక ఫ్రేములో రెండు పిక్సెల్స్, ఇంకో ఫ్రేములో ఐదు వెనక్కి వస్తే, గేమ్‌లో ఏ వేగం పెట్టినా ఆ పాదం నేలను అంటిపెట్టుకోదు.

మన రైతుకు ఫ్రేముకు 3 పిక్సెల్స్ అనుకుందాం. కుడి కాలు ముందుకు చాపి మోపిన బొమ్మ ఒకటో ఫ్రేము. అక్కడ చీలమండ 22వ వరసలో ఉంటుంది. రెండో ఫ్రేములో ఒంటి బరువు కాలి మీద పడి మోకాలు కాస్త వంగుతుంది, చీలమండ 19కి వస్తుంది. మూడో ఫ్రేములో రెండో కాలు దీన్ని దాటుతుంది, చీలమండ సరిగ్గా నడుము కింద 16లో ఉంటుంది. నాలుగులో మడమ లేచి ఒళ్లు పైకి లేస్తుంది, చీలమండ 13. ఐదో ఫ్రేములో ఎడమ కాలు ముందు మోపుతుంది, కుడి చీలమండ వెనక 10లో ఉంటుంది. అంటే 22, 19, 16, 13, 10. ప్రతిసారీ తేడా మూడే.

ఆ తర్వాత కుడి కాలు గాల్లో ముందుకొస్తుంది. గాల్లో ఉన్న కాలికి నేలతో పని లేదు కాబట్టి సమాన దూరం అక్కర్లేదు. ఆరో ఫ్రేములో 11, ఏడులో 16, ఎనిమిదిలో 21, మళ్లీ ఒకటో ఫ్రేములో 22. మొదట్లో, చివర్లో నెమ్మది, మధ్యలో వేగం. అసలు నడకలోనూ కాలు అలాగే ఊగుతుంది. ఎడమ కాలికి ఇవే నంబర్లు నాలుగు ఫ్రేములు ఆలస్యంగా వస్తాయి. కాబట్టి 5 నుంచి 8 దాకా కొత్తగా గీసే పని పెద్దగా లేదు. 1 నుంచి 4 దాకా ఉన్నవాటినే కాపీ చేసి, చేతులూ కాళ్లూ అటుదిటు మార్చి, అవతలి వైపున్నవాటికి ఒక ఛాయ ముదురు రంగు వేస్తే చాలు.

తల పైకీ కిందికీ మాత్రమే కదలాలి. తలపాగా పైఅంచు ఒకటో ఫ్రేములో 5వ అడ్డ వరసలో ఉంటే, రెండులో 6, మూడులో 5, నాలుగులో 4. అదే మళ్లీ రిపీట్. తలను ప్రతి ఫ్రేములో కొత్తగా గీయకండి. ఒకే తలను కాపీ చేసి ఆ వరసలో పెట్టండి. ఎనిమిది తలలు విడివిడిగా గీస్తే కన్ను ఒక ఫ్రేములో పిక్సెల్ అటు, బుగ్గ నీడ ఇంకో ఫ్రేములో పిక్సెల్ ఇటు పడుతుంది. ఆడించినప్పుడు ముఖం కుతకుత ఉడుకుతున్నట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు టైమింగ్. ఒక్కో ఫ్రేము ఎంతసేపు ఉండాలి? నేను 100 మిల్లీసెకన్లు అంటాను. కారణం మీ చేతిలో ఉన్న ఫోనే. 60 హెర్ట్జ్ స్క్రీన్ సెకనుకు 60 సార్లు కొత్త బొమ్మ చూపిస్తుంది. 100 మిల్లీసెకన్లలో అది సరిగ్గా 6 సార్లు. 90 హెర్ట్జ్ ఫోన్‌లో 9 సార్లు, 120లో 12 సార్లు. మూడింటిలోనూ శేషం లేకుండా భాగారం తెగుతుంది. అదే 80 మిల్లీసెకన్లు పెడితే 60 హెర్ట్జ్‌లో 4.8 వస్తుంది. స్క్రీన్‌కు 0.8 సారి చూపించడం తెలీదు కదా! కొన్ని ఫ్రేములు 5 సార్లు, కొన్ని 4 సార్లు కనిపిస్తాయి. బొమ్మలన్నీ కరెక్టుగానే ఉంటాయి, నడక మాత్రం అక్కడక్కడా తడబడుతుంది.

ఇంకో తడబాటు కూడా తరచూ చూస్తుంటాను. లూప్ కలవాలని ఒకటో ఫ్రేమునే చివర తొమ్మిదో ఫ్రేముగా మళ్లీ పెట్టేస్తారు. అప్పుడు ఆ బొమ్మ వరసగా 200 మిల్లీసెకన్లు నిలబడిపోతుంది, రైతు ప్రతి రెండడుగులకోసారి కుంటుతాడు. చివరి ఫ్రేము అంటే ఒకటో ఫ్రేముకు ముందుది, ఒకటోది కాదు.

ఇక గేమ్‌లో వేగం ఎంత పెట్టాలో అంచనా వేయక్కర్లేదు, షీటే చెబుతుంది. ఫ్రేముకు 3 పిక్సెల్స్, సెకనుకు 10 ఫ్రేములు. అంటే సెకనుకు 30 పిక్సెల్స్. 40 పెడితే ముందుకు జారతాడు, 20 పెడితే ఉన్నచోటే కాళ్లాడిస్తున్నట్టు ఉంటాడు. ఇంతకన్నా మంచి పద్ధతి ఇంకోటుంది. ఫ్రేమును గడియారంతో కాకుండా నడిచిన దూరంతో మార్చడం.

```
dist += speed * dt
frame = int(dist / 3) % 8
```

మూడు పిక్సెల్స్ నడిస్తే ఒక ఫ్రేము మారుతుంది, అంతే. వేగం 30 ఉన్నప్పుడు దానంతటదే 100 మిల్లీసెకన్లు వస్తుంది. బురదలో 20కి తగ్గితే కాళ్లు కూడా నెమ్మదిస్తాయి. గోడకు తగిలి ఆగితే కాళ్లూ ఆగుతాయి. దీనికీ ఓ హద్దుంది. వేగం రెట్టింపు చేస్తే నడకే గబగబా సాగి పాత మూకీ సినిమాలా ఉంటుంది. పరుగుకు వేరే షీట్ గీసుకోవాల్సిందే.

ఇంత చేసినా ఓ చిన్న పేచీ మిగులుతుంది. మనిషి తెర మీద ఒక్కో పిక్సెలే ముందుకు పోతాడు, ఫ్రేము మాత్రం మూడు పిక్సెల్స్‌కోసారి మారుతుంది. మధ్యలో మోపిన పాదం రెండు పిక్సెల్స్ ముందుకెళ్లి, ఫ్రేము మారగానే వెనక్కి తన చోటికి వస్తుంది. అది అస్సలు వద్దనుకుంటే మనిషిని ఫ్రేము మారినప్పుడు మాత్రమే ఒకేసారి 3 పిక్సెల్స్ జరపాలి. 1989లో ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ చేసిన జోర్డాన్ మెక్‌నర్ పట్టుకున్న దారి ఇదే. ఏ ఫ్రేముకు ఎన్ని పిక్సెల్స్ జరగాలో ఆ గేమ్‌లో ముందే రాసి ఉంటుంది. అందుకే ఆ రాకుమారుడి పాదాలు నేలకు అతుక్కున్నట్టుంటాయి. కాకపోతే కెమెరా మనిషి వెంటే వెళ్లే గేమ్‌లో ఇలా చేస్తే వెనకాల సీన్ అంతా సెకనుకు పదిసార్లు గెంతుతుంది. తెర కదలని గేమ్ అయితే పాదాన్ని బిగించండి. కెమెరా వెంట వెళ్లేదైతే ఆ రెండు పిక్సెల్స్ వదిలేయండి. చిన్న బొమ్మలో చాలామంది అది గమనించరు.

చివరికి వణుకు. అది షీట్‌లో ఉందా, గేమ్‌లో ఉందా అని ముందు తేల్చుకోవాలి. మనిషిని కదలనివ్వకుండా ఉన్నచోటే నడక ఆడించండి. తెర మీద రైతు ముక్కు దగ్గర పెన్ను మొన పెట్టి చూడండి. ముక్కు పైకీ కిందికీ మాత్రమే కదలాలి. పక్కకు ఊగిందంటే షీట్‌లోనే లోపం. నడుము 16వ వరస తప్పి ఉండాలి, లేదా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు `Trim` ఆన్‌లో ఉండాలి. ఆ ఆప్షన్ బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీని కత్తిరించేస్తుంది. కాళ్లు చాపిన ఫ్రేము వెడల్పుగా, కాళ్లు దాటే ఫ్రేము సన్నగా మిగులుతుంది. కత్తిరించిన కొలతలను గేమ్ లెక్కలోకి తీసుకోకపోతే ప్రతి ఫ్రేమూ వేరే చోట కూర్చుంటుంది. నాకు క్లిప్ పంపిన తమ్ముడి షీట్‌లో జరిగింది సరిగ్గా ఇదే. `Trim` తీసేయగానే వణుకు పోయింది. జారుడు పోవడానికి మాత్రం కాళ్ల నంబర్లు సరిచేసుకోవాల్సి వచ్చింది. ఉన్న కాళ్లనే జరిపాడు, కొత్తగా ఏమీ గీయలేదు.

ఉన్నచోట బాగుండి, కదిలినప్పుడే వణికితే తప్పు గేమ్ వైపుది. మనిషి 10.5లో, కెమెరా 4.2లో ఉంటే, రెండింటినీ విడివిడిగా పూర్ణాంకం చేసినప్పుడు ఒకటి ఒక క్షణం, ఇంకోటి మరో క్షణం గెంతుతుంది. ముందు మనిషి స్థానాన్ని పూర్ణాంకం చేసి, కెమెరా స్థానాన్ని దాన్నుంచే లెక్కకట్టండి. బొమ్మను పెద్దది చేసేటప్పుడు మూడింతలో, నాలుగింతలో చేయండి, ఫిల్టర్ `Nearest` పెట్టండి. మూడున్నర రెట్లు చేస్తే కొన్ని పిక్సెల్స్ 3 చుక్కల వెడల్పు, కొన్ని 4 చుక్కల వెడల్పు వస్తాయి. మనిషి కదిలేకొద్దీ ఆ తేడా ఒంటి మీద పాకుతుంది. అప్పుడు మీ షీట్ ఎంత పద్ధతిగా ఉన్నా రైతు వణుకుతూనే నడుస్తాడు.