రాజధాని లేఖ: ఒక్క పేపరుకే తెరిచే తలుపు

పరీక్షా ఫలితాలు వెలువడిన మర్నాడు ఢిల్లీలో తెలుగువారి ఇళ్ళలో వినిపించే మాటలు రాజకీయాలకు సంబంధించినవి కావు. మొన్న మే నెలలో ఒక సాయంత్రం, కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసే మిత్రుడొకరు కుమార్తె మార్కుల పట్టీ చేతబట్టుకుని నా వద్దకు వచ్చారు. అమ్మాయి సి.బి.ఎస్.ఇ. పన్నెండవ తరగతి వ్రాసింది. భౌతికశాస్త్రంలో నూటికి 48 మార్కులు వచ్చాయి. అయినా పట్టీలో ఆ వరుస చివర తప్పినట్లుగా గుర్తు ఉంది.

"ముప్పై మూడు వస్తే చాలంటారు గదండీ! నలభై ఎనిమిది వచ్చిన పిల్ల తప్పడమేమిటి? లెక్కలో పొరపాటు జరిగిందేమో, మీరు ఎవరితోనైనా మాట్లాడితే..." అన్నారాయన.

లెక్కలో పొరపాటు లేదు. భౌతికశాస్త్రానికి వ్రాత పరీక్ష 70 మార్కులకు, ప్రాక్టికల్ 30 మార్కులకు జరుగుతాయి. పన్నెండవ తరగతిలో ఈ రెండింటిలోనూ విడివిడిగా 33 శాతం రావాలన్నది నియమం. అంటే వ్రాత పరీక్షలో 23 మార్కులైనా తెచ్చుకోవాలి. అమ్మాయికి ప్రాక్టికల్‌లో 29 వచ్చాయి, వ్రాత పరీక్షలో 19 మాత్రమే వచ్చాయి. మొత్తం ఎంతైనా ఆ నాలుగు మార్కుల లోటును ప్రాక్టికల్ మార్కులు పూడ్చవు. పదవ తరగతిలో అయితే పాఠశాల ఇచ్చే అంతర్గత మార్కులు, వ్రాత పరీక్ష మార్కులు కలిపి 33 శాతం అయితే చాలును. రెండేళ్ళ క్రితం పెద్దకొడుకు పదవ తరగతి గట్టెక్కిన పద్ధతినే ఆ తండ్రి మనసులో పెట్టుకున్నారు. ఫలితాల వేళ తల్లిదండ్రులు తరచుగా పొరబడేది ఇక్కడే.

ఆ అమ్మాయి తప్పినది ఒక్క విషయంలోనే గనుక ఆమెను "కంపార్ట్‌మెంట్" వర్గంలో ఉంచారు. ఆ వర్గంలోని వారికి జరిపే పరీక్షను 2023 నుండి సప్లిమెంటరీ అని పిలుస్తున్నారు. ఆమె జూలైలో భౌతికశాస్త్రం వ్రాత పరీక్ష మాత్రమే మళ్ళీ వ్రాస్తే చాలు. ప్రాక్టికల్‌లో వచ్చిన 29 మార్కులు అలాగే నిలుస్తాయి. వ్రాత పరీక్షలో 41 తెచ్చుకుంటే మొత్తం 70 అవుతుంది, గండం గడుస్తుంది. జూలైలోనూ తప్పితే మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో మొదలయ్యే వార్షిక పరీక్షలలో రెండవ అవకాశం, ఆ జూలైలో మూడవ అవకాశం ఉంటాయి. మూడూ చేజారితే అయిదు విషయాలూ మళ్ళీ వ్రాయవలసిందే. అట్టివారిని మండలి ఇప్పుడు "తప్పినవారు" అనడం లేదు, "ఎసెన్షియల్ రిపీట్" అంటున్నది. మాట మెత్తబడింది గాని, పోయే సంవత్సరం పోనే పోతుంది.

ఇంతవరకు విని నా మిత్రుడు తేలికగా ఊపిరి పీల్చుకున్నారు. అంతలోనే మరో ప్రశ్న వేశారు. "మా అమ్మాయి స్నేహితురాలు భౌతికశాస్త్రంలోనూ లెక్కల్లోనూ రెండేసి మార్కుల్లో పోయిందండీ. ఆ పిల్లకు కూడా జూలైలోనే గదా?"

కాదు. రెండు విషయాలలో తప్పిన పన్నెండవ తరగతి విద్యార్థికి జూలై తలుపు తెరుచుకోదు. ఆరవ విషయం ఒకటి అదనంగా తీసుకుని, అందులో ఉత్తీర్ణురాలై ఉంటే, తప్పిన ఒక దాని స్థానంలో దానిని లెక్కించే వెసులుబాటు ఉన్నది. అది లేనివారికి అయిదు పరీక్షలూ మళ్ళీ మొదటి నుండి వ్రాయడమే గతి. ఒకే విషయంలో 10 మార్కులు తెచ్చుకున్న విద్యార్థి రెండు నెలలలో తేరుకోవచ్చును. రెండింటిలో చెరి 21 తెచ్చుకున్న విద్యార్థి మాత్రం ఏడాది పాటు ఆగాలి. తప్పిన విషయాల సంఖ్యనే చూసి, తప్పిన దూరాన్ని చూడకపోవడం ఈ నియమంలోని ప్రధాన లోపమని నా అభిప్రాయం.

తప్పినవారి సంగతి ఇలా ఉండగా, ఉత్తీర్ణులై మార్కులు పెంచుకోగోరే వారి సమస్య వేరొకటి. మళ్ళీ వ్రాసినప్పుడు మార్కులు తగ్గితే, పాతవి నిలుస్తాయా, పోతాయా? ఈ ప్రశ్న అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది.

2021 మార్చి 16న మండలి తన నియమాలను సవరించి, మార్కులు పెంచుకోవడానికి వ్రాసేవారికి రెండు పరీక్షలలో మెరుగైన మార్కులనే లెక్కించాలని నిర్ణయించింది. అంతలో కరోనా విజృంభించి ఆ ఏటి వార్షిక పరీక్షలు రద్దయినాయి. పదవ, పదకొండవ, పన్నెండవ తరగతుల మార్కులను 30, 30, 40 పాళ్ళలో కలిపి ఫలితాలు కట్టారు. అసంతృప్తి గలవారు తరువాత పరీక్ష వ్రాసుకోవచ్చుననీ, అయితే అందులో వచ్చిన మార్కులే తుది మార్కులనీ జూన్ 17 నాటి విధానంలో ఇరవై ఎనిమిదవ నిబంధనగా చేర్చారు. మూడు నెలల క్రితం ఇచ్చిన రక్షణను ఈ ఒక్క వాక్యం తీసివేసింది.

ఆగస్టు, సెప్టెంబరు నెలలలో ఆ పరీక్ష వ్రాసిన కొందరికి మార్కులు తగ్గాయి. మొదటి ఫలితాల ఆధారంగా కళాశాలలలో చేరినవారికి ఆ ప్రవేశమే ప్రమాదంలో పడింది. వారిలో కొందరు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. న్యాయమూర్తులు ఎ.ఎం. ఖాన్విల్కర్, సి.టి. రవికుమార్‌ల ధర్మాసనం 2022 జనవరి 7న ఆ నిబంధనను కొట్టివేసింది. రెండింటిలో మెరుగైన మార్కులను ఎంచుకొనే అవకాశాన్ని విద్యార్థికి ఇవ్వాలని మండలిని ఆదేశించింది. మళ్ళీ ప్రయత్నించినందుకు, అంతకుముందు సంపాదించుకున్నది పోగొట్టుకోవలసిన పని లేదన్నది ఈ తీర్పులోని సారాంశం. అంతకు ముందు మార్కులు పెంచుకొనే పరీక్ష ఒక రకం జూదం. ఆ తరువాత అది ప్రయత్నమైంది.

కాగా ఈ ప్రయత్నానికి కూడా ఒక్క విషయమే హద్దు. ఒక విద్యార్థికి అయిదు విషయాలలో 84, 78, 67, 67, 66 చొప్పున మొత్తం 362 వచ్చాయనుకుందాం. జె.ఇ.ఇ. ద్వారా జాతీయ సాంకేతిక విద్యాసంస్థలలో చేరాలంటే పన్నెండవ తరగతిలో 75 శాతం, అంటే 500కు 375 మార్కులు ఉండాలి, లేదా తన బోర్డులో తొలి 20 శాతం మందిలో నిలవాలి. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 65 శాతం చాలును. మన విద్యార్థికి 13 మార్కులు తక్కువ. రెండు విషయాలలో ఏడేసి పెంచుకోవడం సులువు. కాని జూలైలో వ్రాయగలిగేది ఒక్కటే గనుక, 67ను ఒక్కసారిగా 80కి లాక్కురావాలి. ఎక్కువ విషయాలు వ్రాయాలంటే మరుసటి సంవత్సరం వార్షిక పరీక్షల దాకా వేచి ఉండాలి. పోనీ, ఆ 80 తెచ్చుకున్నా ఫలితం వచ్చేది ఆగస్టు ఆరంభంలో. ఆ సంస్థలలో సీట్ల కేటాయింపు జూలైలోనే దాదాపు ముగిసిపోతుంది. పరీక్ష గెలిచినవాడు బండి తప్పిపోతాడు.

ఇంతకూ ఈ "ఒక్క విషయం" హద్దు ఎందుకు? పరీక్షల తేదీలు చూస్తే ఒక కారణం కళ్ళకు కడుతుంది. పన్నెండవ తరగతి సప్లిమెంటరీని మండలి 2023లో జూలై 17న, 2024, 2025 సంవత్సరాలలో జూలై 15న, దాదాపు అన్ని విషయాలకూ కలిపి ఒకే రోజున జరిపింది. విద్యార్థి వ్రాసేది ఒకటే గనుక ఒకరికి రెండు పరీక్షలు ఢీకొనవు. రెండవ విషయాన్ని అనుమతిస్తే రోజులు పెరుగుతాయి, పరీక్షా కేంద్రాలు, పర్యవేక్షకులు, పేపర్లు దిద్దే ఉపాధ్యాయులు కావాలి. దేశమంతటా, విదేశాలలోనూ పాఠశాలలు ఉన్న మండలికి ఇది చిన్న పని కాదు. ఆ ఇబ్బందిని నేను తీసిపారవేయను. కాని నిర్వాహకుల సౌకర్యం వేరు, విద్యార్థి యోగ్యత వేరు. రెండింటికీ ఒకే కొలత పనికిరాదు.

మన తెలుగు రాష్ట్రాలను చూడండి. ఇంటర్మీడియెట్ తప్పినవారు ఎన్ని పేపర్లలో తప్పినా అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీకి అర్హులే. 2025లో ఆంధ్రప్రదేశ్ బోర్డు ఆ పరీక్షలను మే 12న, తెలంగాణ బోర్డు మే 22న ప్రారంభించినవి. రెండుచోట్లా ఫలితాలు ఏప్రిల్‌లోనే వెలువడినందున, తప్పిన నెల రోజులకే మళ్ళీ వ్రాయగలిగారు. మొదటి సంవత్సరం ఉత్తీర్ణులైనవారు మార్కులు పెంచుకోవడానికి అదే పరీక్షకు కూర్చుంటారు. గుంటూరులో ఉన్న తన మేనల్లుడు మూడు పేపర్లు పోగొట్టుకుని, మేలో వ్రాసి, జూన్ చివరకల్లా గట్టెక్కిన వైనాన్ని నా మిత్రుడే చెప్పారు. అదే కుర్రవాడు ఢిల్లీలో చదివి ఉంటే ఒక సంవత్సరం పోయేది. తెలివిలో తేడా లేదు, చదువులో తేడా లేదు. నివాసంలోనే తేడా.

కేంద్రమండలి కూడా ఈ దారిన కొంత నడిచింది. 2026 నుండి పదవ తరగతికి రెండు పరీక్షలు ఏర్పాటు చేసింది. ఫిబ్రవరిలో జరిగే మొదటిది అందరూ వ్రాయాలి. మేలో జరిగే రెండవది ఐచ్ఛికం. అందులో మూడు విషయాల దాకా మార్కులు పెంచుకోవచ్చును, మెరుగైనవే నిలుస్తాయి. మొదటి పరీక్షకు మూడు లేదా అంతకు మించిన విషయాలలో హాజరు కానివారికి మాత్రం రెండవదానికి అర్హత లేదు. రెండవ అవకాశాన్ని మొదటిదానిగా వాడుకోకుండా పెట్టిన ఈ షరతు సబబైనదే.

పదిహేనేళ్ళ పిల్లవానికి మూడు విషయాలలో ఇచ్చిన అవకాశాన్ని, జీవితగతిని నిర్ణయించే పన్నెండవ తరగతిలో ఒక్కదానికే పరిమితం చేయడంలోని హేతువు నాకు బోధపడదు. కనీసం రెండు విషయాలలో తప్పినవారిని జూలై పరీక్షకు అనుమతించడం, ఆ పరీక్షను జూన్ నెలకు జరిపి సీట్ల కేటాయింపుకు ముందే ఫలితాలు ప్రకటించడం, ఈ రెండు మార్పులకూ చట్టం అక్కరలేదు, పార్లమెంటు అక్కరలేదు. మండలి తన నియమావళిలో రెండు వాక్యాలు మార్చుకుంటే చాలును. 2021లో ఒక్క వాక్యంతో హక్కును తీసివేయగలిగినవారికి, రెండు వాక్యాలతో హక్కును ఇవ్వడం కష్టం కారాదు.

నా మిత్రుడు మార్కుల పట్టీ మడిచి జేబులో పెట్టుకుని లేచారు. గుమ్మం దగ్గర ఆగి, "మా అమ్మాయి అదృష్టవంతురాలన్నమాట, ఒక్కదాన్లోనే పోయింది" అన్నారు. ఆ మాటలో సంతోషం లేదు. పక్కింటి పిల్ల సంగతి ఆయన మరచిపోలేదు.