యాప్ డిలీట్ చేస్తే సరిపోదు.. బెట్టింగ్ సైట్లకు ఫోన్‌లోనే తాళం వేయండి.. కానీ తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలి?

సంక్రాంతి వచ్చిందంటే తణుకు, భీమవరం చుట్టుపక్కల కోడిపందేల బరులు ఎక్కడ వెలిశాయో అందరికీ తెలుస్తుంది. బరి కంటికి కనిపిస్తుంది కాబట్టి అడ్డుకోవాలనుకుంటే పోలీసులు వెళ్లి టెంట్లు పీకించొచ్చు. మరి జేబులో ఉన్న బరి సంగతేంటి? అర్ధరాత్రి దుప్పట్లో ఫోన్ పట్టుకుని పందెం కాసే కుర్రాడిని ఎవరు ఆపాలి?

చట్టాలైతే ఉన్నాయి. ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటి ఆటలను ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. అదే ఏడాది అక్టోబరులో 132 సైట్లు, యాప్‌లను బ్లాక్ చేయాలని అప్పటి ముఖ్యమంత్రి జగన్ కేంద్రానికి లేఖ రాశారు. 2023 నవంబరులో మహాదేవ్ బుక్ సహా 22 బెట్టింగ్ యాప్‌లు, సైట్లను కేంద్రం బ్లాక్ చేసింది. 2025 మార్చిలో జీఎస్టీ ఇంటెలిజెన్స్ విభాగం విదేశీ సంస్థలకు చెందిన 357 సైట్లను మూయించినట్టు ప్రకటించింది. అదే ఏడాది ఆగస్టు 22న, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ను నిషేధించే కేంద్ర చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది.

అయినా సైట్లు ఓపెన్ అవుతూనే ఉన్నాయి. ఎందుకు?

బ్లాక్ అయ్యేది పేరే.. కొట్టు కాదు

మనం బ్రౌజర్‌లో ఒక సైట్ పేరు కొట్టగానే ఫోన్ నేరుగా అక్కడికి వెళ్లిపోదు. ముందు డీఎన్ఎస్ అనే వ్యవస్థను ‘ఈ పేరు గల సైట్ అడ్రస్ ఏంటి?’ అని అడుగుతుంది. కొత్త ఊళ్లో బస్సు దిగి, ఫలానా వాళ్ల ఇల్లెక్కడండీ అని కిళ్లీ కొట్టు దగ్గర అడిగినట్టే. ప్రభుత్వం బ్లాక్ చేయమన్నప్పుడు టెలికాం కంపెనీలు ఎక్కువగా చేసేది ఆ పేరు అడిగితే అడ్రస్ చెప్పకుండా చూడటమే.

బెట్టింగ్ సంస్థలు ఇక్కడే తప్పించుకుంటున్నాయి. పాత పేరు బ్లాక్ అయితే పక్కన ఒక అంకె చేర్చి కొత్త పేరు రిజిస్టర్ చేస్తాయి. లోపల సైట్ అదే, లాగిన్ అదే, వాలెట్‌లో బ్యాలెన్స్ కూడా అదే. కొత్త లింకు టెలిగ్రామ్ ఛానల్‌లోనో, వాట్సాప్‌లోనో వచ్చి పడుతుంది. ఆర్డర్ ఇచ్చి బ్లాక్ చేయడానికి టైమ్ పడుతుంది. పేరు మార్చడానికి పెద్దగా పట్టదు.

అందుకే ప్రభుత్వ బ్లాకింగ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే కుదరదు. ఇదే డీఎన్ఎస్ కిటుకును మన ఫోన్‌లో మనమే పెట్టుకోవచ్చు.

Private DNS: డబ్బు ఖర్చు లేని తాళం

ఆండ్రాయిడ్ 9, ఆ తర్వాత వచ్చిన ఫోన్లలో `Private DNS` అనే సెట్టింగ్ ఉంటుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ విభాగంలో దొరుకుతుంది. కనిపించకపోతే సెట్టింగ్స్ పైన ఉండే సెర్చ్‌లో ఆ పేరు కొట్టండి. మన ఫోన్ అడ్రస్‌లు ఎవరిని అడగాలో ఇక్కడ మనమే నిర్ణయించవచ్చు. మొబైల్ డేటా వాడినా, ఇంట్లో వైఫై వాడినా ఇదే వర్తిస్తుంది.

ఇక్కడ చాలామంది పొరపాటు పడుతున్నారు. యూట్యూబ్ వీడియో చూసి ‘ఫ్యామిలీ డీఎన్ఎస్’ పేరుతో ఉన్న ఉచిత అడ్రస్ పెట్టేసి పనైపోయిందనుకుంటారు. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల ఫ్యామిలీ డీఎన్ఎస్ ఆపేది వైరస్ సైట్లను, అశ్లీల సైట్లను మాత్రమే. జూదం ఆ జాబితాలో లేదు. కాబట్టి జూదం అనే కేటగిరీ విడిగా ఉన్న సర్వీసు కావాలి. ఓపెన్‌డీఎన్ఎస్, నెక్స్ట్‌డీఎన్ఎస్ లాంటి వాటిలో అది ఉంది. ఉదాహరణగా నెక్స్ట్‌డీఎన్ఎస్‌తో ఎలా చేయాలో చూద్దాం.

తణుకులో 24 ఏళ్ల కుర్రాడు, జీతం వచ్చిన వారంలోనే సగం పోగొట్టుకుంటున్నాడనుకుందాం. వదిలించుకోవాలని అతనికీ ఉంది. అక్కను సాయం అడిగాడు. మొదటి రూల్: అకౌంట్ తెరవాల్సింది తమ్ముడు కాదు, అక్క. ఆమె ఈమెయిల్‌తో, ఆమె పాస్‌వర్డ్‌తో, ఆమె ఫోన్‌లోనే తెరవాలి.

అకౌంట్‌లో ఆమె మూడు ఆన్ చేయాలి. ఒకటి, `Parental Control` లో జూదానికి సంబంధించిన `Gambling` కేటగిరీ. రెండు, అదే పేజీలో `Block Bypass Methods`. ఇది వీపీఎన్, ప్రాక్సీ లాంటి దొడ్డిదారులు చూపే సైట్లను ఆపడానికి. మూడోది చాలామంది గమనించనిది.. `Security` పేజీలో ఉండే `Block Newly Registered Domains`. రిజిస్టర్ అయ్యి 30 రోజులు కూడా నిండని సైట్ల పేర్లన్నింటినీ ఇది ఆపేస్తుంది.

అంకె మార్చి కొత్త పేరుతో వచ్చే సైట్లకు ఇదే సరైన మందు. ఇవాళ పుట్టిన పేరు జూదం జాబితాలోకి ఎక్కడానికి టైమ్ పడుతుంది. కానీ అది కొత్త పేరు అన్న ఒక్క కారణంతోనే ఫోన్ దాన్ని ఓపెన్ చేయదు. అయితే సంస్థ పేరును నెల ముందే కొని దాచిపెట్టుకుంటే మాత్రం ఈ రూల్‌కు చిక్కదు. అలాంటివి కనిపించినప్పుడు అక్క `Denylist` లో పేరు రాసి ఆపాలి.

ఆ తర్వాత ఆమె అకౌంట్‌కు వచ్చిన ఐడీని తమ్ముడి ఫోన్‌లో `Private DNS` దగ్గర ఈ రూపంలో రాయాలి. abc123 ఉన్న చోట సొంత ఐడీ ఉండాలి:

```
abc123.dns.nextdns.io
```

ఒక్క అక్షరం తప్పు పడినా ఫోన్‌లో నెట్ మొత్తం ఆగిపోవచ్చు. అప్పుడు విసుగొచ్చి ఆఫ్ చేసేయకండి, స్పెల్లింగ్ చూసుకోండి. సరిగ్గా పడిందో లేదో తెలియాలంటే తమ్ముడి ఫోన్ బ్రౌజర్‌లో `test.nextdns.io` తెరవాలి. `"status": "ok"` అని వస్తే తాళం పడినట్టు. `unconfigured` అని వస్తే పడనట్టు.

దొంగదారి ఎక్కడ? ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఈ సెట్టింగ్‌ను ఆఫ్ చేయడానికి పది సెకన్లు చాలు. దాచాల్సిన పనిలేదు, ఇది నిజం. కొన్ని కంపెనీల ఫోన్లలో యాప్ లాక్‌లో సెట్టింగ్స్‌ను కూడా చేర్చే వీలుంది. ఉంటే ఆ పిన్ అక్క పెట్టాలి. లేకపోతే ఎలా?

అక్క అకౌంట్‌లో `Logs` అనే పేజీ ఉంటుంది. తమ్ముడి ఫోన్ ఏ సైట్ల అడ్రస్‌లు అడిగిందో, వాటిలో ఏవి ఆగాయో అందులో వరుసగా కనిపిస్తాయి. ఇక్కడ ఆగిపోయిన సైట్ల కంటే ఖాళీని ఎక్కువ గమనించాలి. ఫోన్ ఊరికే పక్కన పెట్టినా నెట్ ఆన్‌లో ఉంటే వాట్సాప్, మెయిల్ లాంటివి అడ్రస్‌లు అడుగుతూనే ఉంటాయి. రాత్రి 11 నుంచి 2 దాకా లాగ్ పూర్తిగా ఖాళీగా ఉందంటే ఫోన్ స్విచాఫ్ అయి ఉండాలి, నెట్ లేకపోయి ఉండాలి, లేదా తాళం తీసి ఉండాలి. ఐపీఎల్ మ్యాచ్ రోజుల్లోనే ఖాళీ వస్తుంటే ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఇలా చూడటం నిఘా కదా అని అనిపించొచ్చు. నిజమే. అందుకే ఏం చూస్తారో, ఎంతకాలం చూస్తారో ముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. చెప్పకుండా పెడితే తమ్ముడు చేసే మొదటి పని రెండో ఫోన్ కొనుక్కోవడం.

ఇంకో రెండు లోపాలున్నాయి. నెక్స్ట్‌డీఎన్ఎస్ ఉచిత అకౌంట్‌లో నెలకు 3 లక్షల రిక్వెస్టులు మాత్రమే ఫిల్టర్ అవుతాయి. అది దాటితే నెట్ ఆగదు కానీ బ్లాకింగ్ ఆగిపోతుంది. రోజుకు 10 వేలు అన్నమాట. ఇంట్లో నాలుగు ఫోన్లు, టీవీ అన్నీ అదే ఐడీకి కలిపితే నెలాఖరుకు తాళం తనంతట తానే ఊడిపోవచ్చు. కాబట్టి ఒక్క ఫోన్‌కే వాడటం మంచిది. రెండోది, ఫోన్‌లో ముందే ఉన్న వీపీఎన్ యాప్. అది ఆన్ చేస్తే ఈ ఫిల్టర్‌ను దాటే వీలుంది కాబట్టి ముందే తీసేయాలి.

ఏపీకే దారి మూసేయండి

విదేశీ బెట్టింగ్ యాప్‌లు సాధారణంగా ప్లే స్టోర్ నుంచి రావు. లింక్ నొక్కితే ఏపీకే ఫైల్‌గా దిగుతాయి. ఫోన్‌లో `Install unknown apps` అని సెర్చ్ చేస్తే ఏ యాప్‌లకు బయటి ఫైళ్లు ఇన్‌స్టాల్ చేసే అనుమతి ఉందో కనిపిస్తుంది. క్రోమ్, వాట్సాప్, టెలిగ్రామ్, ఫైల్ మేనేజర్.. నాలుగింటికీ ఆఫ్ చేయాలి.

బెట్‌బ్లాకర్ లాంటి ఉచిత బ్లాకింగ్ యాప్‌లు కూడా ఉన్నాయి. ఒక ఛారిటీ సంస్థ దీన్ని నడుపుతోంది. 24 గంటల నుంచి 5 ఏళ్ల దాకా గడువు మనమే పెట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో ఇలాంటి యాప్‌లు చాలా వరకు వీపీఎన్ రూపంలో పనిచేస్తాయి. `Private DNS` తో కలిపి పెడితే ఒకదానికొకటి అడ్డుపడే అవకాశం ఉంది. ఏదో ఒకటే ఎంచుకోండి. బ్యాటరీ ఆదా కోసం ఫోన్ ఆ యాప్‌ను వెనకాల ఆపేయకుండా, బ్యాటరీ సెట్టింగ్స్‌లో దానికి మినహాయింపు ఇవ్వడం మర్చిపోవద్దు.

సైట్ తెరుచుకున్నా డబ్బు వెళ్లకపోతే?

విదేశాల్లో కొన్ని బ్యాంకులు జూదం చెల్లింపులను ఆపే బటన్ ఇస్తున్నాయి. మన దగ్గర అక్రమ సైట్లకు డబ్బు వెళ్లే తీరు వేరు. ఎవరిదో అద్దెకు తీసుకున్న బ్యాంకు ఖాతా, దానికో క్యూఆర్ కోడ్. బ్యాంకుకు అది కిరాణా బిల్లో, బెట్టింగో తేడా తెలియదు. కాబట్టి ఆపాల్సింది డబ్బు వెళ్లే చోట కాదు, బయల్దేరే చోట.

దీనికి యూపీఐ సర్కిల్ పనికొస్తుంది. 2024లో వచ్చిన ఈ సదుపాయంతో ఒకరి ఖాతా నుంచి ఇంకొకరు చెల్లింపులు చేయొచ్చు. తమ్ముడు తన ఖాతాను యూపీఐ యాప్‌ల నుంచి తీసేసి, అక్క సర్కిల్‌లో చేరతాడు. పాక్షిక అనుమతి పెడితే అతను స్కాన్ చేసిన ప్రతిసారీ అక్క ఫోన్‌కు రిక్వెస్ట్ వెళ్తుంది. ఆమె పిన్ కొడితేనే డబ్బు కదులుతుంది. టీకి, పెట్రోలుకు ప్రతిసారీ ఇదేం గోల అనిపిస్తే చేతిఖర్చుకు నగదు ఇచ్చేయండి. నోటుతో ఆన్‌లైన్ పందెం కాయడం అంత తేలిక కాదు.

ఇవన్నీ పెట్టినా దారి వెతికేవాడికి దారి దొరుకుతుంది. పక్కవాడి ఫోన్ ఉంటుంది, అప్పిచ్చే స్నేహితుడు ఉంటాడు. ఈ తాళాలు చేసేది ఒక్కటే.. పందెం కాయాలనిపించిన క్షణానికీ, డబ్బు పోయే క్షణానికీ మధ్య ఒక పావుగంట పెంచుతాయి. ఆ పావుగంటలో తమ్ముడు ఫోన్ చేయడానికి అక్క నంబర్ ఉంది. ఎవరూ లేకపోతే, కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఉచితంగా కాల్ చేయొచ్చు. మోసపోయి డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ నంబర్ 1930కి చెప్పండి.