వాక్యం పిలిస్తేనే ఫోటో రావాలి

మనలో చాలామంది ఇళ్ళు ప్రభుత్వ క్వార్టర్లు. ఆ ఇంట్లోకి మనకంటే ముందు ఎవరో ఉండి వెళ్ళారు, మన తర్వాత ఇంకెవరో వస్తారు. గోడ బీట వారినా, స్లాబు చెమ్మ పట్టినా మెయింటెనెన్స్ ఆఫీసుకు ఒక నివేదిక రాసి పెడతాం. దానికి ఫోటోలు జత చేస్తాం. మరమ్మతు జరిగేలోపే నాన్నకో అమ్మకో బదిలీ ఆర్డరు వచ్చేయవచ్చు. అప్పుడు ఆ ఇంటి గురించి మాట్లాడటానికి మనం ఉండం, మన నివేదిక ఒక్కటే ఉంటుంది. మనల్ని ఎప్పుడూ చూడని ఇంజనీరు, మన తర్వాత ఆ ఇంట్లోకి వచ్చిన కుటుంబం ఆ కాగితాలు చదివి, అదే గోడ ముందు నిలబడి, అదే బీటను గుర్తుపట్టాలి. అలా గుర్తుపట్టలేకపోతే ఎన్ని ఫోటోలు పెట్టినా ఉపయోగం లేదు.

అందుకే నా అభిప్రాయం ఇది. నివేదికలోని ఏదో ఒక వాక్యం పేరు పెట్టి పిలవని ఫోటో ఆ నివేదికలో ఉండకూడదు. స్కెచ్‌కైనా, కొలతల పట్టికకైనా ఇదే నియమం. "ఫోటోలు జతపరచడమైనది, దయచేసి చూడగలరు" అని రాసి ఇరవై ఫోటోలు వెనక పెడితే మనం చేయాల్సిన పనిని చదివేవారి నెత్తిన వేసినట్టే. ఏ ఫోటోలో ఏం చూడాలో ఆయనకు తెలియదు. ఆయన చూసిందీ మనం చూపించాలనుకున్నదీ ఒకటే అన్న నమ్మకమూ లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పడక గదిలో తూర్పు గోడకు కిటికీ ఉంది. దాని పై మూలల్లో ఒకదాని నుంచి ఒక బీట ఏటవాలుగా స్లాబు వైపు పోతోంది. మన నివేదిక చెప్పదలచుకున్నవి మూడే మాటలు: బీట ఎక్కడుంది, ఎంత ఉంది, పెరుగుతోందా లేదా. ముందు ఈ మూడు వాక్యాలూ రాసుకోవాలి. తర్వాత ఒక్కో వాక్యాన్ని పట్టుకుని "నీకు రుజువు ఏది?" అని అడగాలి. ఏ ఫోటో కావాలో, ఏ కొలత కావాలో అప్పుడు దానంతట అదే తేలుతుంది. చాలామంది ముందు ఫోటోలు తీసేసి, తర్వాత వాటికి తగ్గ మాటలు వెతుక్కుంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

మొదటి మాట, ఎక్కడుంది అన్నది. బీటకు దగ్గరగా తీసిన ఫోటో దీనికి పనికిరాదు. దగ్గరి ఫోటోలో ఏ గోడైనా ఒకేలా ఉంటుంది. కాబట్టి కిటికీ మొత్తం, పైన స్లాబు అంచు కనిపించేలా దూరం నుంచి ఒక ఫోటో తీయాలి. దానికి తోడు ఒక స్కెచ్ గీయాలి. స్కెచ్ అందంగా ఉండనక్కర్లేదు. కిటికీకి ఒక దీర్ఘచతురస్రం, బీటకు ఒక గీత, ఉత్తర దిక్కు చూపే బాణం, "స్కేలు ప్రకారం గీసినది కాదు" అన్న మాట ఉంటే చాలు. ఫోటో చేయలేని పనిని స్కెచ్ చేస్తుంది. బీట చివర కిటికీ మూల నుంచి పక్కకు 45 సెం.మీ., పైకి 45 సెం.మీ. దూరంలో ఉందని అంకెలతో చెబుతుంది. ఏ ఫోటోను ఎక్కడ నిలబడి తీశామో కూడా అందులో చిన్న బాణంతో చూపవచ్చు. దూరాలను ఎప్పుడూ కదలని వస్తువుల నుంచే కొలవాలి. కిటికీ మూల, గచ్చు, గోడ మూల కదలవు. మంచం, బీరువా మనతో పాటు లారీ ఎక్కుతాయి. "బీరువా వెనక బీట" అని రాస్తే మన తర్వాత వచ్చేవారికి అర్థమే ఉండదు.

ఇక్కడే ఇంకో పొరపాటు దొర్లుతుంది. లోపల నిలబడి తూర్పు గోడను చూస్తే ఆ మూల మనకు కుడివైపు ఉంటుంది. బయటి నుంచి చూసేవారికి అదే మూల ఎడమవైపు. లోపలి ఫోటో కింద "కుడి మూల" అనీ, బయటి ఫోటో కింద "ఎడమ మూల" అనీ రాస్తే చదివేవారు రెండు వేర్వేరు మూలలు అనుకుంటారు. కుడి, ఎడమ మానేసి "దక్షిణం వైపు పై మూల" అని రాస్తే రెండువైపుల నుంచీ ఒకే మాట సరిపోతుంది.

రెండో మాట, ఎంత ఉంది అన్నది. దీనికి దగ్గరి ఫోటో కావాలి, అందులో స్కేలు కూడా ఉండాలి. చాలామంది బీట పక్కన రూపాయి నాణెం పెడతారు. కానీ రూపాయి నాణేలన్నీ ఒక సైజువి కావు. పాత స్టీలు రూపాయి అడ్డం 25 మి.మీ. ఉంటే, 2011లో వచ్చిన రూపాయి దాదాపు 22 మి.మీ. మాత్రమే. జామెట్రీ బాక్సులోని స్కేలు అయితే ఏ అనుమానమూ లేదు. స్కేలు గోడకు ఆనుకుని ఉండాలి, కెమెరా గోడకు ఎదురుగా ఉండాలి. స్కేలును గోడకు ముందు గాలిలో పట్టుకున్నా, పక్క నుంచి వంకరగా ఫోటో తీసినా ఫోటోలో కనిపించే కొలత తప్పు చెబుతుంది.

బీట వెడల్పు విషయంలో మాత్రం ఈ స్కేలు మనల్ని ఆదుకోలేదు. దాని మీద ఉన్న అతి చిన్న భాగం 1 మి.మీ. దానితో చూసి "0.3 మి.మీ." అని రాస్తే అది కొలత కాదు, ఊహ. మన పెన్సిల్ పెట్టెలోనే ఇంకో సాధనం ఉంది. క్లచ్ పెన్సిళ్ళలో వేసే ములుకులు 0.5, 0.7, 0.9 అనే సైజుల్లో దొరుకుతాయి. బీటలో 0.5 ములుకు దూరి, 0.7 దూరకపోతే ఆ రెంటి మధ్య ఉందని రాయవచ్చు. ములుకు అసలు లావు పెట్టె మీది అంకెకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది కాబట్టి "0.6 మి.మీ." అని తేల్చి రాయకూడదు. ఏ ములుకు దూరింది, ఏది దూరలేదు అన్నదే రాయాలి. ఈసారీ తర్వాతిసారీ అవే ములుకులు వాడితే పోల్చి చూడటానికి అది చాలు.

మూడో మాట, పెరుగుతోందా లేదా అన్నది. ఇది ఒక్క ఫోటోతో తేలే విషయం కాదు. వెలుతురు మారితే పాత బీటే కొత్తగా కనిపిస్తుంది. టార్చి పక్క నుంచి ఏటవాలుగా వేస్తే సన్నని బీట కూడా లోతైన లోయలా కనబడుతుంది. అలా వేయడం తప్పు కాదు, కానీ ఫోటో కింద ఆ సంగతి రాయాలి. పెరుగుదలకు అసలు రుజువు తేదీ వేసిన గుర్తే. బీట చివర పెన్సిలుతో అడ్డంగా సన్నని గీత గీసి, పక్కన తేదీ రాయాలి. వెడల్పు చూసే చోట్లకు కూడా అ, ఆ అని గుర్తులు పెట్టాలి. నాలుగు వారాల తర్వాత మళ్ళీ అవే చోట్ల చూడాలి. వేరే చోట చూస్తే అది పోలికే కాదు.

ఇదంతా నివేదికలోకి ఎలా వస్తుందో చూడండి:

"తూర్పు గోడ కిటికీకి దక్షిణం వైపు పై మూల నుంచి ఒక బీట స్లాబు వైపు ఏటవాలుగా ఉంది (ఫోటో 1, స్కెచ్ 1). మూల నుంచి బీట చివరకు నేరుగా కొలిస్తే జులై 5న 64 సెం.మీ., ఆగస్టు 2న 71 సెం.మీ. (ఫోటో 2లో రెండు తేదీల గుర్తులు కనిపిస్తాయి). మూల నుంచి 10 సెం.మీ. దూరంలో ఉన్న 'అ' దగ్గర జులై 5న 0.7 ములుకు దూరింది, 0.9 దూరలేదు. ఆగస్టు 2న 0.9 కూడా దూరింది (ఫోటో 3, పట్టిక 1). ఆగస్టు 2న బయటివైపు అదే చోట బీట కనబడలేదు (ఫోటో 4)."

ఇందులో ఫోటోలు నాలుగే. వాటి అంకెలు వాక్యాలు పిలిచిన వరుసలోనే ఉన్నాయి. ఫోటోలు ఊడిపోయినా విషయం వాక్యాల్లో నిలిచే ఉంది. స్కెచ్‌లోని 45, 45 అంకెలతో జులై పొడవును పైథాగరస్ సూత్రంతో ఎవరైనా సరిచూసుకోవచ్చు, దాదాపు 64 వస్తుంది. వాక్యంలో 64 అనీ పట్టికలో 46 అనీ పడితే మాత్రం చదివేవారు మిగతా అంకెలనూ నమ్మరు. అందుకే చివర్లో ఒకసారి వెనక నుంచి ముందుకు చదవాలి. ఒక్కో ఫోటోను, పట్టికలోని ఒక్కో అంకెను తీసుకుని దాన్ని పిలిచిన వాక్యం ఎక్కడుందో వెతకాలి. వాక్యం దొరకకపోతే ఫోటో తీసేయాలి, లేదా వాక్యం రాయాలి.

"అలా తీసేస్తే ఏదో దాచినట్టు కాదా?" అని కొందరు అడుగుతారు. సరైన ప్రశ్నే. తీసిన ఫోటోలన్నీ ఒక ఫోల్డరులో భద్రంగా ఉంచుకోవాలి, అడిగితే ఇవ్వాలి. ఒకే సంగతిని మళ్ళీ చెప్పే ఫోటోలనే వదలాలి గానీ మనకు నచ్చని సంగతి చెప్పే ఫోటోను వదలకూడదు. పై నాలుగో ఫోటో చూడండి. బయట బీట లేదని చూపే ఆ ఫోటో మన ఫిర్యాదు జోరును తగ్గిస్తుంది. అయినా అది ఉండాల్సిందే. బీట పైపూతకే పరిమితమా, గోడ రెండువైపులా ఉందా అన్నది ఇంజనీరు ముందుగా అడిగే ప్రశ్నల్లో ఒకటి. "పునాది కుంగింది" అని మాత్రం రాయకూడదు. పై నాలుగు ఫోటోల్లో ఏదీ ఆ మాట చెప్పదు. కారణం తేల్చడం ఆయన పని, కనిపించింది ఉన్నదున్నట్టు చెప్పడం మన పని.

చివరగా, కాగితం దారి గుర్తుంచుకోవాలి. నివేదికలు నలుపు తెలుపు జిరాక్సులుగా ఒక టేబులు నుంచి ఇంకో టేబులుకు పోతాయి. ఫోటో మీద ఎర్ర రంగుతో చుట్టిన సున్నా జిరాక్సులో బూడిద మరకలా మారుతుంది. దానికి బదులు నల్లని బాణం గీసి, పక్కన తెల్లని చోట 'అ' అని రాస్తే మూడో జిరాక్సులోనూ నిలుస్తుంది. వాట్సాప్‌లో ఫోటోను మామూలుగా పంపితే అది కుదించుకుపోతుంది, తీసిన తేదీ వివరమూ ఫైలులోంచి పోతుంది. డాక్యుమెంటుగా పంపితే రెండూ మిగులుతాయి. ఏమైనా సరే తేదీని ఫోటో కింద మాటల్లో రాసేయడమే మేలు. మనం ఇంకో ఊళ్ళో ఇంకో బడిలో ఉన్నప్పుడు, మన గుర్తు పక్కన మూడో తేదీ వేసేవారికి దారి చూపేది ఆ రెండు వరుసలే.