అవ్వాతాతలకు వామన గుంటలు

మా చిలమత్తూరుకు దగ్గర్లో ఒక వృద్ధాశ్రమం ఉంది. శనివారం శనివారం మేం నలుగురైదుగురు ఆడవాళ్ళం అక్కడికి వెళ్ళి ఒక గంటసేపు ఆటలాడించి వస్తుంటాం. మొదటిసారి నేనే గొప్పగా తంబోలా టికెట్లు పట్టుకెళ్ళాను. ఇరవైమందిలో టికెట్టు మీద అంకెలు కనబడింది ఆరేడుగురికే. మిగతావాళ్ళకు మేమే చూసి, మేమే కొట్టేసి, మేమే "మీకు లైను వచ్చింది అవ్వా" అని చెప్పాల్సి వచ్చింది. కళ్ళు బొత్తిగా కనిపించని ఒక అవ్వ టికెట్టును నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చేసి, "నీ ఆట నువ్వే ఆడుకో తల్లీ" అంది. ఇంటికొచ్చినా ఆ మాట నన్ను వదల్లేదు.

మరుసటి వారం ఆమెనే అడిగాను, చిన్నప్పుడు ఏం ఆడేవాళ్ళని. "వామన గుంటలు. మా వీధిలో నన్ను గెలిచినోళ్ళు లేరు" అంది. నిజమే కదా! ఆ ఆటకు కళ్ళకంటే వేళ్ళతోనే ఎక్కువ పని. కాకపోతే అంగట్లో దొరికే చెక్క పీటలో గుంటలు మరీ చిన్నవి. కీళ్ళు వంగని వేళ్ళు అందులో దూరవు. అందుకని పీట మేమే చేయించాం.

ఏడు కొబ్బరికాయలు కొడితే పద్నాలుగు చిప్పలు. (ఆ వారమంతా మా ఇళ్ళల్లో కొబ్బరి పచ్చడే!) అంచులు గరుకు కాగితంతో బాగా రుద్దాలి. ముసలివాళ్ళ చర్మం పలచన, కొద్దిగా గీరుకున్నా లేచిపోతుంది. నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు పలక మీద రెండు వరసల్లో ఏడేసి చిప్పల్ని వడ్రంగి చేత మరలతో బిగించాం. మర తలకాయ వేలికి తగలకుండా పైన ఎం-సీల్ పూయాలి. కన్నున్న చిప్పల్లో ఆ కన్ను కూడా దాంతోనే మూసేయాలి. చిప్ప లోపల మెరుపు లేని తెల్ల ప్రైమర్ వేశాం. నల్లటి చింతగింజ తెలుపు మీద మసక చూపుకు కూడా ఆనుతుంది. స్టీలు గిన్నెలైతే వెలుతురు పడి మెరుస్తాయి, శుక్లాలున్న కళ్ళు ఆ మెరుపుకు చెదిరిపోతాయి. ప్రతి వరసలో నాలుగో చిప్ప అంచుకు ఒక దారం చుట్టాం. నడుమ గుంట ఏదో తడిమితే తెలిసిపోతుంది.

ఇక ఆట. మీకు తెలిసిందే అయినా ఊరికో పద్ధతి కాబట్టి మేమాడేది చెప్తాను. గుంటకు నాలుగు గింజలు, మొత్తం యాభై ఆరు. తన వైపున్న ఒక గుంటలో గింజలన్నీ తీసి, కుడివైపుగా గుంటకొకటి వేసుకుంటూ పోవాలి. ఆఖరి గింజ పడ్డాక దాని పక్క గుంటలోవి తీసి మళ్ళీ పంచాలి. ఆ పక్క గుంట ఖాళీగా ఉంటే దాన్ని వేలితో తుడిచి, దాని తర్వాతి గుంటలోవి గెలుచుకోవాలి. అదీ ఖాళీ అయితే ఏమీ రాదు. అంతటితో వంతు అవతలివాళ్ళది.

ఇంట్లో ఒకసారి ఆడి చూడండి. మీ ఎడమ చివరి గుంట ఒకటి, కుడి చివరిది ఏడు, అక్కడ మలుపు తిరిగి అవతలి వరస ఎనిమిది నుంచి పద్నాలుగు అనుకోండి. ఒకటో గుంటతో మొదలుపెడితే ఆరు, పదకొండు, రెండు, ఎనిమిది, పద్నాలుగు, మళ్ళీ ఆరు, ఇలా ఏడుసార్లు ఎత్తి పంచాక ఎనిమిదో గుంట ఖాళీగా దొరుకుతుంది. తొమ్మిదో దాంట్లో ఆరు గింజలు మీవి.

మాకు చిక్కొచ్చింది ఇక్కడే. ఒకరు ఏడుసార్లు పంచేదాకా మిగతావాళ్ళు ఊరికే కూర్చోవాలి, ఒకాయన గుర్రుపెట్టి నిద్రే పోయాడు. పైగా చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళకు పీట అవతలి కొస అందదు. అందుకని ఇటిద్దరు, అటిద్దరు కూర్చుని, ఎవరి ముందున్న గుంటలు వాళ్ళే చూసుకునేలా మార్చాం. ఒకరికి నాలుగు, పక్కవారికి మూడు. గింజల్ని ఒక చిన్న గిన్నెలో వేసుకుని తన గుంటల్లో పంచి, మిగిలినవి గిన్నెతో సహా కుడిపక్కవారికి అందించాలి. కొసన ఉన్నవాళ్ళు ఎదుటివారికి ఇస్తారు. గింజలు తిరుగుతాయి, మనుషులు కదలక్కర్లేదు. ఎవరి వంతైనా నలుగురికీ పని ఉంటుంది, గెలిచిన గింజలు మాత్రం వంతు ఎవరిదో ఆ జట్టువి. పక్షవాతంతో ఒక చెయ్యి పడిపోయినవారి ముందు తడిగుడ్డ పరిస్తే గిన్నె జారదు.

జట్టులో చూపున్నవారొకరు, లేనివారొకరు. గింజను రెండంగుళాల పైనుంచి ఒక్కొక్కటిగా వదలాలి, చిప్పలో టప్పుమని వినబడాలి. ఎత్తేవారు "మూడో గుంట, ఐదు" అని పైకి చెప్పాలి. ఫ్యాను, రేడియో ఆపేయండి. లేకపోతే చెవి మందమైనవాళ్ళకు ఆట సగం పోతుంది. ఇంకో కట్టుబాటు, చూపున్నవారు పక్కవారి గింజలు ముట్టుకోకూడదు. మొదట్లో జాలితో అందరూ అదే పని చేశారు. మా అవ్వ చెయ్యి మీద ఒకటిచ్చాక మానుకున్నారు!

బల్ల కిందికి చక్రాల కుర్చీ చేతులు దూరాలి, కుర్చీ చేతుల ఎత్తు కొలిచి బల్ల చూసుకోండి. కిటికీ వాళ్ళ వీపు వెనకాల ఉండాలి, ముఖానికెదురుగా కాదు. పొద్దున టిఫిను, మాత్రలు అయ్యాక పదింటికి మొదలుపెడితే బాగుంటుంది. చింతగింజ పట్టు దొరకని వేళ్ళకు గచ్చకాయలు పెట్టండి. మా వైపు విరివిగా దొరుకుతాయి కదాని ఒకసారి శెనక్కాయలు పెట్టాం. రెండో ఆటకు సగమే మిగిలాయి, మిగతావి ఎవరి పొట్టలోకి పోయాయో నేను చెప్పను.

నవ్వులాట పక్కన పెడితే, మతిమరుపు ముదిరి చేతికందింది నోట్లో పెట్టుకునేవాళ్ళను మాత్రం గింజల ఆటలో కూర్చోబెట్టకండి, గొంతుకు అడ్డం పడుతుంది. వాళ్ళకు దుప్పటి ఆట ఉంది. ఎనిమిదిమంది కుర్చీల్లో గుండ్రంగా కూర్చుని పాత దుప్పటి అంచులు పట్టుకుంటారు. దాని మీద గజ్జెలు లోపల పెట్టి గట్టిగా కుట్టిన గుడ్డ బంతి. ఎవరి పేరు పిలిస్తే బంతి వాళ్ళ దగ్గరికి దొర్లాలి. ఒక్క చేత్తోనైనా పట్టుకోవచ్చు, బంతి ఎక్కడుందో గజ్జెలు చెప్తాయి. ఇది మా తెలివేం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1946లో గజ్జెల బంతితో గోల్‌బాల్ అనే ఆటను తయారుచేశారు. 1976 నుంచి పారాలింపిక్స్‌లో కూడా ఆడుతున్నారు.

ఆట అయ్యాక గింజలు తప్పకుండా లెక్కపెట్టండి. పోయిన శనివారం యాభై అయిదే వచ్చాయి. బల్ల కింద, కుర్చీల కింద అంతా వెతికాం. ఆఖరికి అది మా అవ్వ కొంగు ముడిలో దొరికింది. ఆ గింజతో కలిపి కూడా ఆమె జట్టే నాలుగు గింజలు తక్కువతో ఓడింది. "వచ్చే వారం చూసుకుందాం" అంటూ తన గుంటలన్నీ ఒకసారి తడిమి చూసుకుని, అప్పుడు లేచింది.