0.577ని బట్టీ పట్టడం మానేద్దాం

మొన్న ఫైనైట్ ఎలిమెంట్ వైవాలో నన్ను అడిగింది ఒకటే ప్రశ్న. “టూ పాయింట్ గాస్ పద్ధతిలో బిందువులు ఎక్కడుంటాయి?” “ప్లస్ ఆర్ మైనస్ 0.577 సార్” అని టక్కున చెప్పేశా. “సరే, అక్కడే ఎందుకు? 0.6 దగ్గర పెడితే ఏం పోతుంది?” అన్నారు. నా నోరు పెగల్లేదు. టేబుల్ మొత్తం కంఠతా వచ్చు, కారణం మాత్రం రాదు. అందుకే అంటున్నా: ఈ టేబుల్‌ని మనకు నేర్పాల్సిన పద్ధతి ఇది కాదు.

ముందు లెక్క ఏమిటో గుర్తు చేసుకుందాం. f(x)ని −1 నుంచి 1 వరకు ఇంటిగ్రేట్ చేయాలి. దానికి బదులు ±1/√3 దగ్గర f విలువలు రెండూ కూడితే చాలు, మూడో డిగ్రీ వరకు ఏ పాలినామియల్‌కైనా జవాబు కచ్చితంగా వస్తుంది. సింప్సన్ సూత్రానికీ హద్దు మూడో డిగ్రీయే, కానీ దానికి మూడు బిందువులు కావాలి.

దీనికి గైడ్లలో ఒక వివరణ ఉంటుంది. బిందువులు రెండు, వెయిట్లు రెండు, మొత్తం నాలుగు తెలియని రాశులు. మూడో డిగ్రీ పాలినామియల్‌కి గుణకాలు నాలుగు. కాబట్టి సరిపోయింది అని. ఇది నాకు నచ్చదు. లెక్క సరిపోయినంత మాత్రాన జవాబు ఉంటుందని ఎవరన్నారు? x² = −1లో కూడా ఒక సమీకరణం, ఒక తెలియని రాశి ఉన్నాయి. రియల్ జవాబు ఉందా?

అసలు కారణం మనం హైస్కూల్లో చేసిన భాగహారం.

q(x) = x² − c అనుకుందాం. ఈ qని ఒకటితో గుణించినా, xతో గుణించినా ఇంటిగ్రల్ సున్నా కావాలి. xతో గుణిస్తే బేసి ఫంక్షన్ వస్తుంది, అది దానంతటదే సున్నా. ఒకటితో గుణిస్తే 2/3 − 2c వస్తుంది, అది సున్నా కావాలంటే c = 1/3. q మూలాలు ±1/√3. మనం బట్టీ పట్టిన 0.577 పుట్టింది ఇక్కడే.

ఇప్పుడు f(x) = 5x³ + 6x² + 2x + 1 తీసుకుని qతో భాగిద్దాం. భాగఫలం 5x + 6, శేషం (11/3)x + 3. అంటే

f = (x² − 1/3)(5x + 6) + (11/3)x + 3

ఇంటిగ్రల్ వైపు నుంచి చూడండి. మొదటి ముక్క సున్నా, ఎందుకంటే qని ఎంచుకున్నదే అందుకు. మిగిలింది శేషం, దాని ఇంటిగ్రల్ 6. ఇప్పుడు బిందువుల వైపు నుంచి చూడండి. ±1/√3 దగ్గర q సున్నా కాబట్టి మొదటి ముక్క అక్కడా మాయం. శేషం విలువలు రెండూ కూడితే x పదాలు కొట్టుకుపోయి మళ్లీ 6. భాగఫలం ఎంత పెద్దదైనా రెండు వైపులా కనబడకుండా పోతుంది. కిటుకంతా అంతే.

ఏ nకైనా ఇదే కథ. qని n డిగ్రీ లెజాండ్ర్ పాలినామియల్‌గా తీసుకుంటే, n − 1 డిగ్రీ దాకా దేనితో గుణించినా ఇంటిగ్రల్ సున్నా. 2n − 1 డిగ్రీ fని దాంతో భాగిస్తే భాగఫలం సరిగ్గా n − 1 డిగ్రీలో ఆగుతుంది. గాస్ 1814లో ఈ పద్ధతిని కంటిన్యూడ్ ఫ్రాక్షన్ల దారిలో కనుక్కున్నాడు. దాన్ని ఇలా తేలిక చేసింది 1826లో యాకోబి. ఆ తేలిక దారి ఉండగా మనం టేబుల్ ఎందుకు మోయాలి?

కారణం తెలిస్తే హద్దు కూడా తెలుస్తుంది. q² నాలుగో డిగ్రీ. అది రెండు బిందువుల దగ్గరా సున్నా, కానీ దాని ఇంటిగ్రల్ మాత్రం సున్నా కన్నా ఎక్కువ. కాబట్టి రెండు బిందువులను ఎక్కడ పెట్టినా నాలుగో డిగ్రీ మొత్తం లొంగదు. x⁴తో చూడండి: అసలు జవాబు 0.4, మనకొచ్చేది 0.222. ఇక |x| లాంటి విరుపున్న ఫంక్షన్ అసలు పాలినామియలే కాదు: అసలు జవాబు 1, మనకొచ్చేది 1.155. విరుపు దగ్గర రెండు ముక్కలు చేసి విడివిడిగా లెక్కిస్తే మళ్లీ కచ్చితం. బిందువులు పెంచినప్పుడు జవాబు ఇంకా కదులుతోందంటే, ముందు ఇలాంటి విరుపు ఎక్కడైనా ఉందేమో వెతకాలి.

వైవాలో నేను చెప్పాల్సిన జవాబు ఇది: “0.6 దగ్గర పెడితే x²కే తప్పొస్తుంది సార్. 0.667 రావాల్సిన చోట 0.72 వస్తుంది.” పరీక్షలో టేబుల్ విలువలు అడిగే బదులు 1/√3 ఎలా వచ్చిందో రాయమంటే బాగుంటుంది. నాలుగు లైన్ల పని. పైగా, అర్థమైతే మర్చిపోయినా మళ్లీ రాబట్టుకోవచ్చు.