కేజీకి ఏడు రూపాయలు నిజంగా మిగిలాయా?

ఈసారి పోస్టు కాస్త పొడుగే. మన హోసూరులో షెడ్డు పెట్టుకుని షీట్ పని చేసుకునేవాళ్లు, వాళ్ల దగ్గర పని చేయించుకునేవాళ్లు ఇద్దరూ చదవాలని రాస్తున్నా.

పోయిన కమిటీ మీటింగ్‌లో సైకిల్ స్టాండ్ షెడ్డు కొటేషన్లు చూసేటప్పుడు ఒక పెద్దాయన, "సీఆర్ పైపే వేయించండి, డబ్బు పోయినా గట్టిగా ఉంటుంది" అన్నారు. ఇంకొకరు "హెచ్‌ఆర్ చాలు, కేజీకి ఏడెనిమిది రూపాయలు తక్కువ" అన్నారు. అరగంట వాదన జరిగింది. గట్టిదనం గురించి ఒకరు, కేజీ ధర గురించి ఇంకొకరు మాట్లాడారు. ఆ ముక్క చివరికి ఎక్కడ కూర్చుంటుంది, దాని మీద ఏ పని జరుగుతుంది అని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను. అదే చెబుతా.

మా అక్క కొడుకు నాలుగేళ్లుగా చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు నడుపుతున్నాడు. ఒక కరెంటు ప్యానెల్ కంపెనీ వాడికి 60 బాక్సుల ఆర్డరు ఇచ్చింది. 2 ఎంఎం షీట్, ఒక్కో బాక్సు 20 కేజీలు, మొత్తం 1200 కేజీలు. డ్రాయింగ్‌లో "ఎంఎస్ షీట్ 2 ఎంఎం" అని మాత్రమే ఉంది. ఆ రోజు డీలరు చెప్పిన రేటు సీఆర్‌కి 68 రూపాయలు, హెచ్‌ఆర్‌కి 61. వాడు హెచ్‌ఆర్ ఎత్తాడు. నాకు ఫోను చేసి, "మామా, ఒక్క ఆర్డరులో 8,400 మిగిలిస్తా ఉన్నా" అన్నాడు సంతోషంగా. నేనూ బాగుందిరా అన్నాను. తప్పు నాదీ ఉంది.

ఇక్కడ రెండు రకాల షీట్‌కీ తేడా ఏమిటో చెప్పాలి. ఉక్కు దిమ్మను 1200 డిగ్రీల దాకా కాల్చి, ఎర్రగా ఉండగానే రోలర్ల మధ్య సాగదీస్తే వచ్చేది హెచ్‌ఆర్. వేడి మీద గాలి తగిలి పైన నీలం కలిసిన నల్ల పొర కడుతుంది. మిల్లు స్కేలు అంటాం. చూడడానికి రంగు వేసినట్టు గట్టిగా కనిపిస్తుంది కానీ అది ఇనుము కాదు, ఇనుము ఆక్సైడు. గాజులాగా పెళుసు. ఆ హెచ్‌ఆర్ కాయిల్‌నే యాసిడ్‌లో ముంచి పొర తీసి, చల్లగా ఉండగానే మళ్లీ రోలర్ల మధ్య నొక్కి పలచన చేస్తే సీఆర్. అలా నొక్కినప్పుడు ఉక్కు బిరుసెక్కుతుంది కాబట్టి మళ్లీ కాల్చి మెత్తబరుస్తారు. చివర్లో కొంచెం నునుపుగా నొక్కి, నూనె పూసి పంపిస్తారు. అంటే సీఆర్‌కి మనం ఎక్కువ ఇచ్చే డబ్బు మూడింటికి: పొర లేని శుభ్రమైన ముఖం, ఒకే తీరు మందం, మడతకు లొంగే మెత్తదనం. గట్టిదనం ఆ మూడింటిలో లేదు.

మా వాడి బాక్సులకు తిరిగి వద్దాం. మొదటి దెబ్బ మందంలో తగిలింది. 2500కి 1250 సైజు 2 ఎంఎం షీట్ లెక్క ప్రకారం 49 కేజీలు తూగాలి. వాడికి వచ్చినవి 51న్నర తూగాయి. మైక్రోమీటర్ పెడితే 2.1 చూపించింది. వేడి మీద తీసే షీట్‌కి మందంలో ఎక్కువ తక్కువలకు ప్రమాణమే సీఆర్ కన్నా ఎక్కువ జాగా ఇస్తుంది, కాబట్టి డీలరు మోసం చేశాడని చెప్పలేం. కానీ మనం కొనేది కేజీల్లో, అమ్మేది బాక్సుల్లో. మందం నూటికి ఐదు పెరిగితే 1200 కేజీల పనికి 60 కేజీలు అదనంగా కొనాలి. 61 రూపాయల చొప్పున 3,660. మిగిలిందనుకున్న 8,400లో ఇక నిలిచింది 4,740.

రెండో దెబ్బ బెండింగ్ దగ్గర. ప్రెస్ బ్రేక్‌లో పంచ్ ఎంత లోతు దిగాలో ఒకసారి సెట్ చేసుకుని వరసగా కొట్టుకుంటూ పోతాం. షీట్ మందం అక్కడక్కడా మారితే అదే సెట్టింగులో కోణం కూడా మారుతుంది. ఫ్రేముకు, సపోర్టుకు ఒక డిగ్రీ తేడా ఎవరికీ కనబడదు. ప్యానెల్ తలుపుకు మాత్రం రబ్బరు గాస్కెట్ నాలుగు వైపులా సమంగా నొక్కాలి. కొన్ని తలుపులకు మూల దగ్గర సందు వచ్చింది. సుత్తి పట్టుకుని ఒక్కొక్కటీ సరిచేశారు. ఆ కూలీని మా వాడు లెక్కలోనే వేసుకోలేదు.

మూడోది అసలు దెబ్బ. బాక్సుల్ని పౌడర్ కోటింగ్‌కి జాబ్ వర్క్ ఇచ్చాడు. కోటింగ్ షాపులో ముందు ఏడు తొట్ల శుభ్రత ఉంటుంది. నూనె తీయడం, కడగడం, తుప్పు తీసే యాసిడ్, మళ్లీ కడగడం, ఆ తరువాత ఫాస్ఫేట్ పని. చిన్న షాపుల్లో ఆ యాసిడ్ తొట్టిలో ఉంచే సమయం సీఆర్ మీద ఉండే తేలిక తుప్పుకు సరిపోయేది. గట్టి మిల్లు స్కేలు అంత తొందరగా వదలదు. పైకి అంతా నల్లగా సమంగా ఉంది, పౌడర్ కొట్టి ఓవెన్‌లో పెట్టారు. మెరుస్తూ బయటికి వచ్చింది. ఫొటో నాకూ పంపాడు.

మూడు వారాలకు 22 బాక్సులు తిరిగొచ్చాయి. తలుపు మడత దగ్గర గోరు పెడితే రంగు రేకుల్లాగా లేస్తోంది. లేచిన రంగు రేకు తిప్పి చూశాను. వెనకాల నల్లటి పొర అంటుకుని ఉంది, దాని కింద ఇనుము తెల్లగా మెరుస్తోంది. అక్కడే విషయం తేలిపోయింది. రంగు తన పని తాను చేసింది, పొరకు బాగానే అతుక్కుంది. ఆ పొరే ఇనుమును వదిలేసింది. మడత పెట్టినప్పుడు పెళుసు పొర చిట్లి సగం ఊడి ఉంటుంది. దాని మీద ఎంత మంచి పౌడర్ కొట్టినా లాభం లేదు. మావాడు అప్పటిదాకా కోటింగ్ షాపు వాళ్లతో గొడవ పడుతున్నాడు. "వాళ్లని అనకురా, ఆ పొర మన షీట్‌తో పాటు పోయింది" అని చెప్పాను.

రంగు గీకి, ఫ్లాప్ డిస్క్‌తో పొర తీసి, మళ్లీ కోటింగ్. కోటింగ్ ఒక్కటే బాక్సుకి 300 చొప్పున 6,600 అయింది. కూలీ, డిస్కులు, ఆటో బాడుగ వేరే. పోనీ మొదటే అన్ని బాక్సులకూ గ్రైండింగ్ చేయించి ఉంటే? బాక్సుకి వంద వేసుకున్నా 6,000. చేతిలో నిలిచింది 4,740 కదా. అంటే తప్పు చేయకుండా చేసినా ఈ పనికి హెచ్‌ఆర్ చవక కాదు. కొనే రోజే పది నిమిషాలు లెక్క వేసుకుంటే తెలిసేది.

"అయితే సీఆరే మేలు" అని మన పెద్దాయన అంటారు. అక్కడ కూడా నాకు పేచీ ఉంది. సైకిల్ స్టాండ్ షెడ్డుకు కావలసింది బరువు మోసే బలం. కట్టడాలకు వాడే హెచ్‌ఆర్ ఉక్కుకు ఐఎస్ 2062లో ఈ250 అనే గ్రేడు ఉంది. సన్న మందాల్లో కనీసం 250 మెగాపాస్కల్ దాకా వంగకుండా నిలబడాలని దానికి షరతు. సీఆర్ షీట్‌కి ఐఎస్ 513లో మడతకు, లోతైన ప్రెస్ పనికి ఉద్దేశించిన మెత్తటి గ్రేడులకు షరతు తిరగబడి ఉంటుంది. ఇంతకన్నా బిరుసుగా ఉండకూడదని పై హద్దు పెడతారు. నునుపుగా ఉందని బలం ఉన్నట్టు కాదు. పైగా బజారులో దొరికే సీఆర్ పైపులు ఎక్కువగా పలచన గోడవి. వాటికి వెల్డింగ్‌లో చిల్లులు పడతాయి, తుప్పు తింటే మిగిలేదీ తక్కువే. షెడ్డు స్తంభానికి, ట్రస్సుకు 2 ఎంఎం పైన హెచ్‌ఆర్ పైపు, కింద మందపాటి హెచ్‌ఆర్ ప్లేటు వేసి, అతుకులు వేసే చోట పొర గీకి వెల్డింగ్ చేసి, మొత్తం శుభ్రం చేసి ప్రైమర్ కొడితే సరి. అక్కడ సీఆర్‌కి డబ్బు పెట్టడం గోడ లోపలి ఇటుకకు పాలిష్ పట్టించడం లాంటిది.

సీఆర్ తుప్పు పట్టదనే నమ్మకం కూడా తప్పే. నూనె ఆరిపోతే వానాకాలంలో చెయ్యి పెట్టిన చోటల్లా వేలిముద్ర తుప్పుగా తేలుతుంది. చిన్న షాపుల వాళ్లు హెచ్‌ఆర్ వైపు మొగ్గడానికి ఇదొక న్యాయమైన కారణం. బయట రేకు కింద పడి ఉన్నా దానికి అంత బెంగ లేదు. కాబట్టి సీఆర్ కావాలంటే ఆ వారం పనికి సరిపడా తెచ్చుకోవాలి, నిల్వ పెట్టకూడదు.

మధ్య దారి కూడా ఒకటి ఉంది. పొరను యాసిడ్‌తో తీసి నూనె పూసిన హెచ్‌ఆర్. 2, 3 ఎంఎం పనులకు బాగుంటుంది, స్కేలు బాధ ఉండదు. మందం ఎక్కువ తక్కువ మాత్రం హెచ్‌ఆర్‌దే. వెండి రంగులో ఉంటుంది కాబట్టి దాన్నే సీఆర్ అని అంటగట్టే అవకాశమూ ఉంది. అందుకే కళ్లను నమ్మకండి. ఒక షీట్ తూకం వేయండి, మైక్రోమీటర్‌తో అంచు దగ్గర, కొంచెం లోపలా నాలుగైదు చోట్ల చూడండి, మిల్లు సర్టిఫికెట్‌లో ఐఎస్ 513 ఉందో ఐఎస్ 1079 ఉందో చదవండి. మొదటిది సీఆర్‌ది, రెండోది హెచ్‌ఆర్‌ది. "అర టన్ను కొనేవాడికి సర్టిఫికెట్ ఎవరిస్తారన్నా" అని మన కుర్రాళ్లు అడుగుతారు. కాయిల్‌కి అంటించిన చీటీ ఫొటో అడగండి, అది ఇవ్వడానికి డీలరుకు ఖర్చేమీ లేదు. గ్రైండింగ్ చేసిన చోట పొర పోయిందో లేదో తెలియాలంటే మైలుతుత్తం నీళ్లు ఒక చుక్క వేయండి. ఉత్త ఇనుము మీద వెంటనే రాగి రంగు తేలుతుంది, పొర మీద తేలదు. చూశాక బాగా కడిగేయండి.

ఇక మన సంఘానికి నేను అడిగేది ఒక్కటే. కొటేషన్ కాగితంలో "ఎంఎస్ షీట్, కేజీ ఇంత" అని అడగడం మానేద్దాం. ఏ భాగానికి ఏ షీట్, ఎంత మందం, రంగుకు ముందు ఏ శుభ్రత అనేది వరస వారీగా రాయమందాం. కంటికి కనిపించే తలుపు, మూత, రంగు నిలవాల్సిన పలచటి ముక్క ఉంటే సీఆర్. బరువు మోసే స్తంభం, ప్లేటు, బ్రాకెట్ ఉంటే హెచ్‌ఆర్. కేజీ ధర ఒక్కటే చూసి పని ఇస్తే నిజాయితీగా పొర తీసే కుర్రాడు ప్రతిసారీ ఓడిపోతాడు, తీయనివాడు గెలుస్తాడు. ఆ ఓడిపోయే కుర్రాళ్లు మన ఇళ్లలోవాళ్లే.

మా వాడు ఇప్పుడు ఆర్డరు తీసుకునే ముందు, "సార్, దీనికి పౌడర్ కోటింగ్ ఉందా?" అని అడిగి గానీ రేటు చెప్పడం లేదు. వచ్చే మీటింగ్‌కి షెడ్డు కొటేషన్లు మళ్లీ వస్తాయి. ఈలోపు మీకు తెలిసింది కూడా కింద రాయండి. నా లెక్కలో తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటా.