ఉయ్యాల బల్లకి కొక్కేలు

అమెరికాలో ఉన్న మన బంధువుల ఇళ్ళలో పైన చెక్క దూలాలుంటాయి కాబట్టి వాళ్ళ పద్ధతి వేరు. ఇక్కడ గల్ఫులో మన ఫ్లాట్లకి పైన ఉండేది కాంక్రీటు శ్లాబు. ఉయ్యాల బల్ల కావాలంటే దానికే కొక్కేలు బిగించాలి.

ముందు బరువు సంగతి చూద్దాం. మా ఇంట్లో బల్లా, గొలుసులూ కలిపి 30 కిలోలు. నేను 75, మా ఆవిడ 60, అమ్మాయి 35. మొత్తం 200. కానీ ఉయ్యాల ఊరికే వేలాడదు కదా! 60 డిగ్రీల దాకా ఊగితే, కిందికి వచ్చే క్షణంలో గొలుసుల మీద లాగుడు రెట్టింపవుతుంది. అంటే 400 కిలోలు. పెద్దవాళ్ళం అంత ఊగం, పిల్లలు మాత్రం ఊగుతారు. పోనీ నాలుగు గొలుసులు, తలా వంద అనుకుందామా? ఒక గొలుసు రవ్వంత పొడుగైనా భారమంతా రెండిటి మీదే పడుతుంది. అందుకని కొక్కేనికి 200 కిలోలు, అంటే దాదాపు 2 కిలోన్యూటన్లు అని లెక్క వేసుకున్నాను.

ఇక కొట్లో ప్యాకెట్ మీది అంకె. అది రోజూ మోయగల బరువా, విరిగిపోయే బరువా అన్నది తప్పకుండా చూడండి. విరిగే బరువే రాసి ఉంటే నేను దాన్ని అయిదుతో భాగిస్తాను. మనకి కనీసం 10 కిలోన్యూటన్లది కావాలన్నమాట. పైగా అది కొక్కెం సంగతి మాత్రమే. యాంకర్ బోల్టు బలం వేరు, దాన్ని పట్టుకున్న కాంక్రీటు బలం వేరు. మూడింటిలో ఏది తక్కువో అదే మన లెక్క.

శ్లాబు అడుగు భాగంలో సన్నటి పగుళ్ళు సహజం. కనుక పగిలిన కాంక్రీటుకి కూడా పనికొస్తుందని రాసి ఉన్న లోహపు ఎక్స్‌పాన్షన్ యాంకరే కొనండి. ప్లాస్టిక్ ప్లగ్గుల జోలికి పోవద్దు. దొరికిన జిగురల్లా వాడటమూ నాకిష్టం లేదు. 2006లో బోస్టన్ సొరంగంలో పైకప్పు పలకలు కూలి ఒకావిడ మరణించారు. బోల్టుల్ని పట్టుకున్న జిగురు నిరంతర భారానికి మెల్లగా సాగిపోయిందని దర్యాప్తులో తేలింది.

డ్రిల్లు పట్టే ముందు బిల్డింగ్ మెయింటెనెన్స్ వాళ్ళని అడగండి. కొన్ని శ్లాబుల్లో బిగించి లాగిన ఉక్కు తీగలుంటాయి. వాటిని తాకితే ప్రాణాపాయం. కొన్నిటిలో బోలు ఇటుకలుంటాయి. డ్రిల్లు ఉన్నట్టుండి లోపలికి జారిందంటే అక్కడ బోలుగా ఉన్నట్టే, ఆ చోటు వదిలెయ్యండి. ఇనుప చువ్వ తగిలినా అంతే, పక్కకి జరగాలి. రంధ్రం లోతు ప్లాస్టరింగుని వదిలేసి కొలవాలి. యాంకర్ 60 మిల్లీమీటర్లు దిగితే, రెండు కొక్కేల మధ్య కనీసం 180 ఉంచండి. లోపలి పొడిని బ్రష్షుతో, గాలి పంపుతో పూర్తిగా తియ్యాలి. పొడి మిగిలితే యాంకర్ జారుతుంది. తర్వాత ప్యాకెట్ మీద చెప్పినంత బిగువుతో, టార్క్ రెంచితో బిగించండి.

బిగించాక నట్టు మీదుగా ప్లేటు దాకా పెయింటుతో ఒక గీత గీశాను. మొదటి వారం బియ్యం బస్తాలు పెట్టి చూశాం. ఇప్పుడు నెలకోసారి మా అమ్మాయి టార్చి వేసి, గీత కలిసే ఉందా, చుట్టూ కొత్త పగులేదైనా వచ్చిందా అని చూసి చెబుతుంది.